దీవెనకు జవాబు

మా ఇంట్లో పెద్దలకు మొక్కడానికి ఒక క్రమం ఉంది. అది వయసును బట్టి కాదు, వరుసను బట్టి నడుస్తుంది. ఎవరు ఎవరికి ఏమవుతారన్నదే లెక్క, ఎవరు ఎప్పుడు పుట్టారన్నది కాదు. పైవరుస వాళ్లు మొక్కి లేచిన తర్వాతే కిందివరుస వాళ్లు ముందుకు రావాలి. మా నాయన దీన్ని ఎంత గట్టిగా పాటించేవాడంటే, ఒకసారి పసిపిల్ల పాక్కుంటూ ముందే వచ్చి ఆయన పాదం పట్టుకుంటే, తీసి తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, "నీ వంతు రాలే బిడ్డా" అన్నాడు. ఆయన పోయాక ఆ పట్టింపు నాకు వచ్చింది. మిగతావి పెద్దగా ఏమీ రాలేదు.

రఘునాథపల్లి దగ్గరి మా ఊళ్లో మా గడి, కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. ఇప్పుడు దాని రాళ్లు ఎవరెవరి పునాదుల్లో ఉన్నాయో నాకు తెలుసు, కానీ ఎవరినీ అడగను. భూమి కొంత చట్టానికి పోయింది, కొంత అమ్ముకోగా పోయింది. మిగిలింది ఒక టేకు కుర్చీ. జనగామలో మేమున్న అద్దె ఇంటి తలుపులోంచి అది పట్టక, చేతులు ఊడదీసి లోపలికి తెచ్చి మళ్లీ బిగించాం. నేను పంతొమ్మిదేళ్లుగా దసరానాడు ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. జమ్మి పూజ అయ్యాక మా వాళ్లందరూ వస్తారు. ఒక్కొక్కరూ జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, "బంగారం" అని, వంగి కాళ్లు మొక్కుతారు. నేను తలమీద చెయ్యి పెట్టి దీవిస్తాను. నాకున్న దీవెనలు మూడే. పెళ్లయిన ఆడపిల్లలకు "పసుపు కుంకుమలతోని ఉండు", మగవాళ్లకు "ఇల్లు నిలబెట్టు", పిల్లలకు "సల్లగుండు బిడ్డా, మంచిగ సదువుకో". పిల్లలే ఎక్కువమంది వస్తారు కాబట్టి మూడోది నోటికి బాగా అలవాటైపోయింది.

వరుసను బట్టి చూస్తే ఆ కుర్చీ నాది కాదు. మా చిన్నాయినది.

చిన్నాయిన నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. నేను పుట్టిన నాలుగేళ్లకు మా నాయనమ్మ కడసారి కన్నది. అప్పటికి ఆమెకు పాలు లేవు, ఓపికా లేదు. నేను వదిలిన ఊయలలో మా అమ్మే వాణ్ణి పెంచింది. చిన్నప్పుడు నేను వాణ్ణి ఎన్ని ఆటల్లో గుర్రం చేశానో చెప్పలేను. తర్వాత ఎవరో చెప్పారు, వాడు నీకు తండ్రి వరుస, నువ్వు కాళ్లు మొక్కాలి అని. నాకప్పుడు పదేళ్లు. గడి గేటు దగ్గర జనం చెప్పులు చేతబట్టుకొని "కాల్మొక్త దొరా" అంటుంటే మా తాత గడ్డం కొంచెం కిందికి ఆడించేవాడు, అంతే. బదులు పలకడం మా వాళ్లకు రాదు. అది చూసి పెరిగినవాణ్ణి, ఆరేళ్ల వాడికి నేను వంగడమా అని ఆ రోజు పెరట్లోకి పారిపోయాను.

ఆ పారిపోవడం ఇంకో రకంగా యాభై ఏళ్లు సాగింది. భూములు పోయాక చిన్నాయిన భూపాలపల్లికి వెళ్లి బొగ్గు బావి దగ్గర హాజరు రాసే పనిలో చేరాడు. మన ఇంటివాడు బావి పనికా అని నేను ఆ రోజుల్లో అన్న మాటలు ఇక్కడ రాయను. ఆయన మాత్రం ఏటా దసరాకు జనగామ వచ్చేవాడు. వచ్చీ రాగానే, నేను కుర్చీలోంచి సగం లేచేలోపే గబగబా వచ్చి రెండు భుజాలు పట్టుకొని, అలాయి బలాయి అంటూ గుండెకు హత్తుకునేవాడు. ఇటోసారి, అటోసారి. అలాయి బలాయిలో పైనా లేదు, కిందా లేదు. ఎవరూ ఎవరికీ మొక్కినట్టు కాదు. నన్ను మొక్కమని అడిగే ధైర్యం ఆయనకు లేదని నేను అనుకునేవాణ్ణి. అది నాకు తృప్తిగానే ఉండేది.

ఈసారి వానాకాలం చివర్లో, పండుగకు పదిరోజుల ముందు, చిన్నాయిన మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది. దసరాకు ఆయన రాలేడు కాబట్టి, పండుగ తెల్లవారి అందరం భూపాలపల్లిలోనే కలవాలని మా చిన్నమ్మ ఫోన్ చేసింది.

ఈ ఏడే మా ఇంటికి కోడలు వచ్చింది. మహబూబాబాద్ పిల్ల. వాళ్లది మిర్చి హోల్‌సేల్ దుకాణం, ఇంటినిండా మాటలు. దసరా సాయంత్రం ఆమె నా చేతిలో జమ్మి పెట్టి మొక్కింది. నేను దీవించాను. ఆమె లేచి నిలబడి, "థాంక్యూ మామా" అంది.

తెల్లవారి కారులో, హనుమకొండ దాటాక అన్నాను.

"దీవెనకు థాంక్యూ చెప్పరమ్మా."

"మరేం జెప్పాలె మామా?"

నా కొడుకు కారు నడుపుతూ అద్దంలోంచి తల్లివైపు చూశాడు. పరకాల దాకా ఇక ఇదే నడుస్తుందని వాళ్లిద్దరికీ తెలుసు.

నేను మొదటినుంచీ చెప్పాను. ఎదురుగా నిలబడి మొక్కేటప్పుడు చేతులు అడ్డంగా వేయాలి. మన కుడిచెయ్యి వాళ్ల కుడిపాదానికి, ఎడమచెయ్యి ఎడమపాదానికి తగలాలి. ఒంటిచేత్తో మోకాలు ముట్టి లేవడం మొక్కడం కాదు. తాకిన చేతులు కళ్లకద్దుకోవాలి, కానీ తల అప్పుడే ఎత్తొద్దు. వాళ్ల చెయ్యి తలమీద పడేదాకా, అక్షింతలు వేస్తుంటే అవి పడేదాకా వంగే ఉండాలి. ఆలుమగలు జంటగా మొక్కాలి. కడుపుతో ఉన్నవాళ్లు వంగొద్దు, చేతులు జోడిస్తే చాలు. అన్నం తినేవాళ్లకు మొక్కొద్దు. చేతుల్లో ఏదైనా పట్టుకొని మొక్కొద్దు. గడపకు అటొకరు, ఇటొకరు ఉండి మొక్కొద్దు. పడుకున్నవాళ్లకు అసలే మొక్కొద్దు.

"పండుకున్నోళ్లకు ఎందుకొద్దు మామా?"

"పండుకున్నోళ్లకు మొక్కేది ఒక్కసారే. పాడె మీదున్నప్పుడు."

"అమ్మో" అని చెంపలు వేసుకుంది.

"ఇక దీవిస్తే ఊరికె లేవొద్దు. 'మీ దీవెన' అనాలె. ఆ మాట మనం అందుకున్నమని వాళ్లకు తెల్వాలె. అందుకోకపోతే దీవెన చేతిలనే పట్టుకున్నట్టు, వాళ్లు అట్లనే ఉంటరు."

"మా ఇంట్ల 'అట్లనే కావాలె తాతా' అంటం."

"అదిగూడ మంచిదే" అన్నాను. నిజంగానే అది బాగుందనిపించింది.

ఆమె కాసేపు వేళ్లమీద ఏదో లెక్క పెట్టుకొని, "అయితే ఇయ్యాల మొదలు మొక్కేది మీరే గదా మామా? చిన్నతాతకు మీరు కొడుకు వరుస. మీరు లేస్తెగని మాకు వంతు రాదు" అంది.

నా భార్య కిటికీలోంచి పత్తి చేలవైపు చూస్తూ, "పిల్ల మంచిగనే నేర్చుకున్నది" అంది.

నేను కాళ్లదగ్గర ఉన్న పండ్లబుట్టను కొంచెం దగ్గరికి జరుపుకున్నాను. పెద్ద బుట్ట అది. రెండు చేతులా పట్టుకుంటే తప్ప లేవదు. జనగామలో దాన్ని ఏరి కొన్నది నేనే.

భూపాలపల్లిలో చిన్నాయిన ఇల్లు చిన్నదే, కానీ సొంతం. మేము వెళ్లేసరికి పదిపన్నెండు మంది ఉన్నారు. నన్ను చూసి లేచి దారి ఇచ్చారు. మా చిన్నమ్మ ఎదురొచ్చి కాళ్లకు నీళ్లు ఇచ్చింది. కాళ్లు కడుక్కొని, బుట్ట పట్టుకొనే లోపలి గదిలోకి నడిచాను. గది ముందు అందరూ వరుసగా నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలో చూసినా జమ్మి రెమ్మలే. పొద్దున్నుంచీ ఒక్కరూ మొక్కలేదట. పెద్దోడు రానీ అన్నాడట చిన్నాయిన, నా గురించి.

ఆయన మంచంమీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. కుడికాలు కింద దిండు. నన్ను చూడగానే అలవాటుగా రెండు చేతులూ ఎత్తాడు, భుజాలు పట్టుకోవడానికి. లేవలేక చేతులు మళ్లీ దుప్పటిమీద వాలిపోయాయి.

"వచ్చినవా పెద్దోడా."

"వచ్చిన చిన్నాయినా. ఎట్లుంది?"

"ఎట్లుంటది. గిట్లుంది."

నేను బుట్టతో అలాగే నిలబడ్డాను. కోడలు పక్కకు వచ్చి, "ఇటియ్యున్రి మామా, నేను పట్టుకుంట" అని బుట్ట తీసుకుంది. ఆ పిల్ల చేతుల్లో అంత బలం ఉంటుందనుకోలేదు.

చేతులు ఖాళీ అయ్యాయి. వెనక ఇంతమంది. నేను గొంతు సవరించుకొని, "పండుకున్నోళ్లకు మొక్కరాదు గదా. ఆయనను ఎందుకు కష్టపెట్టుడు. మనం దండం పెట్టుకుందాం, అంతే" అన్నాను.

చిన్నాయిన పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు. తర్వాత నెమ్మదిగా, "అవును, మొక్కరాదు. అయితే కూసోబెట్టున్రి" అన్నాడు.

ఇద్దరు చంకలకింద చేతులు వేసి లేపారు. నడుముకు దిండ్లు పెట్టారు. కాళ్లు మంచం కిందికి దించడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో అంగుళం దించుతుంటే ఆయన పెదవి కొరుక్కుంటున్నాడు కానీ చాలు అనలేదు. నాకు చూడబుద్ధి కాలేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"దక్షిణం దిక్కు మొకం పెట్టి కూసున్నడు" అన్నాను.

"తిప్పున్రి" అన్నాడు చిన్నాయిన.

తూర్పుకు తిప్పారు.

"కాళ్లకు మేజోళ్లున్నయి."

"తియ్యున్రి."

మా చిన్నమ్మ వంగి మేజోళ్లు తీసింది. తీస్తూ నావైపు చూసి, "ఇంకేమన్న ఉన్నదా కొడుకా? తానం జేపియ్యాల్నా?" అంది. వెనక ఎవరో నవ్వు మింగుకున్నారు. నా భార్య మాత్రం మింగుకోలేదు.

ఇంకేమీ మిగల్లేదు. ఉన్న నియమాలన్నీ నేనే చెప్పాను. అన్నింటికీ ఆయన తలవంచాడు. కమిలిన పాదాలు రెండూ నేలమీద పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాడు. కుడిపాదం ఇంకా వాచే ఉంది. ఎవరైనా మొక్కకుండా తిరిగి వెళ్తే ఆ మనిషిని మళ్లీ పడుకోబెట్టాలి, ఇంతమంది ముందు. అది ఎట్లా ఉంటుందో నాకు అర్థమైంది.

జమ్మి రెమ్మ తీసి ఆయన చేతిలో పెట్టాను. "బంగారం, చిన్నాయినా" అన్నాను. నా భార్య కొంగు భుజంచుట్టూ తిప్పుకొని నా పక్కకు వచ్చింది. నా నడుముకు ఒక బెల్టు ఉంది, డాక్టరు పెట్టుకొమ్మన్నది. వంగితే కటకటమంది. చేతులు అడ్డంగా వేసి కుడిపాదం కుడిచేత్తో, ఎడమపాదం ఎడమచేత్తో తాకాను. వాచిన పాదం వేడిగా ఉంది. చేతులు కళ్లకద్దుకొని తల దించుకునే ఉన్నాను.

చాలాసేపు ఏమీ జరగలేదు. పైన ఆయన ఊపిరి వినబడుతోంది. తనకంటే పెద్దవాడిని ఏమని దీవించాలో ఆయనకు తోచలేదట, తర్వాత చెప్పాడు. నూరేళ్లు అందామంటే, పెద్దవాడికి ఆయుష్షు పోయడానికి తానెవరు అనిపించిందట.

అప్పుడు చెయ్యి తలమీద పడింది. పట్టి ఉంచింది. మా నాయన పోయిన తర్వాత నా తలమీద ఇంకొకరి చెయ్యి పడలేదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా గుర్తు లేదు. పంతొమ్మిదేళ్లు ఇచ్చిందే, పుచ్చుకున్నది లేదు.

"సల్లగుండు పెద్దోడా" అన్నాడు చిన్నాయిన. "నీ ఇల్లు నిండుగుండాలె. మనోళ్లందరు నీ ఎనుక నిండుగుండాలె."

నేను బదులు చెప్పాలి. పరకాల దాకా కోడలికి నేర్పిన బదులే. నోరు తెరిచాను. తలమీద చెయ్యి, జమ్మి ఆకు, పక్కన మంది. అన్నీ ఏటా ఉండేవే. నోరు తనకు వచ్చింది తానే అనేసింది.

"సల్లగుండు బిడ్డా, మంచిగ సదువుకో."

నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను. మొదట మా చిన్నమ్మ నవ్వింది. తర్వాత గది మొత్తం. నా భార్య నవ్వు ఆపుకోలేక నేలమీద కూర్చుండిపోయింది. చిన్నాయిన ఒక చేత్తో తుంటి పట్టుకొని, "అయ్యో కుట్లు, నా కుట్లు" అంటూ నవ్వుతున్నాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి.

"సదువుకుంట పెద్దోడా" అన్నాడు ఊపిరి తీసుకుంటూ. "బొక్క అతుకనీ. అతికినంక బడికి పోత. పలక కొనియ్యి."

నేను నిటారుగా లేచి నిలబడ్డాను. మొహం కాలిపోతోంది. ఇంకో చోటయితే ఆ క్షణమే వెళ్లిపోయేవాణ్ణి. కానీ వాళ్లు నన్ను చూసి నవ్వడంలో వెటకారం లేదు. మా వాళ్లలో నా ముందు ఎవరూ అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. ఆ నవ్వులో నా గొంతు కూడా ఎప్పుడు కలిసిందో తెలియదు.

కోడలు మాత్రం నవ్వు ఆపుకొని, దగ్గరికి వచ్చి మెల్లగా, "మామా, దీవెన ఇంకా చిన్నతాత చేతిలనే ఉన్నది. మీరు అందుకోలే" అంది.

నిజమే. ఆయన చెయ్యి ఇంకా నా తల ఉన్నచోట గాలిలోనే ఉంది.

మళ్లీ వంగాను. ఈసారి నడుము అంత చప్పుడు చేయలేదు. పాదాలు తాకి, కళ్లకద్దుకొని, ఆగాను. ఆయన చెయ్యి పెట్టి, "సల్లగుండు" అని ఒక్కమాటే అన్నాడు.

"నీ దీవెన, చిన్నాయినా" అన్నాను.

అప్పుడు చెయ్యి తీశాడు.

నేను పక్కకు జరిగాను. నా కొడుకూ కోడలూ జంటగా వచ్చారు. చిన్నాయిన ఆమె తలమీద అక్షింతలు వేసి, "పసుపు కుంకుమలతోని, పిల్లపాపలతోని ఉండు తల్లి" అన్నాడు. ఆమె లేచి, "అట్లనే కావాలె తాతా" అంది. ఆ మాటకు ఆయన ముఖం విప్పారింది. అంతవరకూ నేను దీవించినవాళ్ల ముఖం కూడా చూడకుండా తర్వాతి మనిషివైపు చూసేవాణ్ణని అప్పుడే తెలిసింది. ఆ థాంక్యూ తప్ప, వాళ్లు బదులు చెప్పారో లేదో ఏనాడూ వినలేదు.

వంతులు నడుస్తుంటే మా చిన్నమ్మ నాకు టీ తెచ్చి ఇచ్చింది. పక్కనే నిలబడి, వరుసవైపు చూస్తూ అంది:

"ఏటా జనగామల బస్సు దిగినప్పటి సంది ఒకటే పరేషాన్ ఆయనకు. నువ్వు లేవకముందే పోయి పట్టుకోవాలె అని ఉరికెటోడు. చెప్పు గూడ సరిగ్గ ఇడువకపోయేది."

"ఎందుకు చిన్నమ్మా?"

"నువ్వు వంగుతవేమోనని సిగ్గు. వంగకపోతె నలుగుర్ల నిన్నేమంటరో అని భయం." ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు మాట పడకుంట కాపాడిండు అనుకో."

నేను చిన్నాయినవైపు చూశాను. ఆయన ఎవరో చిన్నపిల్ల తలమీద చెయ్యి పెట్టి, నావైపు ఓరగా చూస్తూ, "మంచిగ సదువుకో" అంటున్నాడు. గది మళ్లీ నవ్వింది. మెట్లమీద జారి పడకపోతే ఇంకా ఎన్నేళ్లు అలా ఉరికి వచ్చేవాడో.

భోజనాలు అయ్యాయి. మధ్యాహ్నం దాటాక బయలుదేరాం. వెళ్లేముందు మళ్లీ మొక్కాలి. అప్పటికి చిన్నాయినను పడుకోబెట్టారు. అలసిపోయాడు, కానీ నిద్రపోలేదు. మందులు వేసుకొని మమ్మల్నే చూస్తున్నాడు. నేను మంచం పక్కకు వెళ్లి నిలబడ్డాను. చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"పోయొస్త చిన్నాయినా" అన్నాను. "ఇప్పుడు మొక్కరాదు. పండుకొని ఉన్నవు."

"మొక్కకు" అన్నాడు. "గని పండుకున్నోడు దీవించొద్దని ఏడ లేదు గదా?"

అలాంటి నియమం మా నాయన చెప్పగా నేను వినలేదు. అదే చెప్పాను.

ఆయన దిండుమీదనుంచి చెయ్యి ఎత్తాడు. తల అందేటంత దగ్గరికి నేను ఒంగాను. అది మొక్కు కిందికి రాదు, మాట సరిగ్గా వినడానికి ఒంగినట్టు.

"సల్లగుండు పెద్దోడా" అన్నాడు. నవ్వాపుకుంటూ కుట్లమీద చెయ్యి పెట్టుకున్నాడు. "మంచిగ సదువుకో."

"అట్లనే చిన్నాయినా" అన్నాను. "నీ దీవెన."